నేర్పిన పిల్లకు ఏం వచ్చింది? 150 పదాల సారాంశంలో కొట్టేయకూడని వాక్యం

సెమినారుకు సారాంశం పంపమంటే మా టీచర్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "150 పదాల్లో ఏం రాస్తాం సార్? మా బడి సంగతి చెప్పడానికే చాలవు." ఉపాధ్యాయ సెమినార్లకు వచ్చే సారాంశాలను వడపోసే పని అప్పుడప్పుడూ నాకూ పడుతుంటుంది. పెద్ద తరగతి పిల్లల చేత చిన్న తరగతి పిల్లలను చదివించడం, అదే పీర్ ట్యూటరింగ్, గురించి వాటిలో తరచూ కనిపిస్తుంది. చదివిన కొద్దీ నాకు అనిపించేది, ఈ 150 పదాలు చాలకపోవడం లేదు, మిగిలిపోతున్నాయని. సగం పదాలు విద్య ప్రాముఖ్యతకే ఖర్చయిపోతాయి. ఇంకో పాతిక "సానుకూల ఫలితాలు వచ్చాయి", "పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెరిగింది" లాంటి వాటికి పోతాయి. నేర్చుకున్న పిల్లలు ఎంత మెరుగయ్యారో ఓ శాతం ఇస్తారు. నేర్పిన పిల్లలకు ఏమైందన్నది మాత్రం ఎవరూ రాయరు.

ఆ వాక్యం లేని సారాంశాన్ని నేను పక్కన పెడతాను. అలా చేయడం అన్యాయమని వాదించిన మిత్రులు ఉన్నారు, చోటు లేక వదిలేశారులే అని వెనకేసుకొచ్చినవారూ ఉన్నారు. అందుకే నా వాదన ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడం మనకు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసులో సైనికుల పిల్లల అనాథాశ్రమానికి పర్యవేక్షకుడిగా పనిచేసిన ఆండ్రూ బెల్, ఊళ్ళో ఒక వీధి బడి పక్కగా వెళ్తూ పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. తన బడిలోనూ అది పెట్టమంటే ఉపాధ్యాయులు మొరాయించారు. దాంతో ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రాడికి చిన్న తరగతి అప్పజెప్పాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా వేశాడు. దాని పేరు చాంతాడంత ఉంటుంది. మద్రాసు బాలుర ఆశ్రమంలో చేసిన ప్రయోగమనీ, గురువో తల్లిదండ్రో పైనుంచి చూసుకుంటే బడి తనకు తానే చదువు చెప్పుకోగల పద్ధతి అనీ పేరులోనే చెప్పేశాడు. ఎక్కడ, ఎవరితో, ఏం తేలింది అన్నీ అందులో ఉన్నాయి. సారాంశం రాయడం తెలిసినవాడే.

అయితే ఆ పద్ధతి ఇంగ్లండులో పాకిపోయింది చవక అన్న పేరుతో. ఒక్క మాస్టరు వందల మందిని నడిపించవచ్చన్నదే అక్కడ దానికి ఆకర్షణ. పాఠం చెప్పే కుర్రాడికి ఏం ఒరిగిందన్న ప్రశ్న వెనక్కి పోయింది. దాన్ని పట్టుకున్నది మన ప్రాంతంలోనే పనిచేసిన ఒక అధికారి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసిన ఆయనే, 1823లో తన జిల్లాలోని దేశీయ బడుల మీద రెవెన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం అప్పట్లో ఆ జిల్లాలోనిదే. ముందున్న పిల్లలు వెనకబడినవారికి చెప్పడమే గాక, అలా చెబుతూ తమకు వచ్చినదాన్ని గట్టిపరుచుకుంటారని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని అందులో రాశాడు. నేర్చుకునేవాడూ నేర్పేవాడూ ఇద్దరూ ఒకే వాక్యంలో ఇమిడిపోయారు.

తర్వాత పరిశోధకులు కూడా రెండు వైపులూ చూడటం మొదలుపెట్టారు. 1982లో కోహెన్, కులిక్, కులిక్ 65 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, నేర్చుకున్నవారితో పాటు నేర్పినవారూ మెరుగయ్యారని, ఆ మెరుగుదల కాస్త మాత్రమే తక్కువని తేలింది. ఈ సంగతిని మీ సారాంశంలో పెట్టమని చెప్పడం లేదు, పెట్టకండి. అవి మీ 150లోంచి పోయే పదాలు. వడపోసేవారికి ఈ నేపథ్యం ముందే తెలిసి ఉంటుంది కాబట్టే నేర్పినవారి వైపు ఖాళీగా ఉంటే వెంటనే పట్టుకుంటారు.

ఇంకో కారణం ఊళ్ళోనే దొరుకుతుంది. రెండు టీచర్ల బడిలో పనిచేసిన ఎవరైనా గేటు దగ్గర ఈ మాట వినే ఉంటారు: "చదువుకోమని పంపిస్తే మా పిల్ల చేత పాఠాలు చెప్పిస్తున్నారంట గదా సారూ, జీతం కూడా ఇస్తారా ఏంది?" ఆ తల్లి అడిగింది న్యాయమైన ప్రశ్న. టీచర్ల కొరతను ఐదో తరగతి పిల్ల భుజం మీద మోపుతున్నామా లేక ఆ పిల్లకూ ఇందులో ఏమైనా దక్కుతోందా? సారాంశం దీనికి జవాబు చెప్పకపోతే మిగతా అంకెలన్నీ ఒకరి కష్టం మీద ఇంకొకరు ఎదిగిన లెక్కే.

ఇక పనిలోకి దిగుదాం. ఉదాహరణకు ఒక బడిని కల్పించి చూపిస్తాను. అంకెలు నావే, కానీ అలాంటి గది మీకు ప్రతి మండలంలోనూ దొరుకుతుంది. ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల. ఒకరు ఒకటి, రెండు తరగతులు చూస్తారు. రెండో టీచరు ఒకే గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు, మొత్తం 26 మందిని చూస్తారు. మూడో తరగతిలో 8 మంది ఇంకా చిన్న పేరా కూడా చదవలేరు. టీచరు వారిని ఐదో తరగతి పిల్లలతో జోడీలు కట్టించారు. దీని మీద వచ్చే సారాంశం సాధారణంగా ఇలా మొదలవుతుంది:

"నేటి ఆధునిక సమాజంలో ప్రాథమిక విద్యకు ఉన్న ప్రాముఖ్యత అందరికీ తెలిసిందే. జాతీయ విద్యా విధానం 2020 పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానాలకు పెద్దపీట వేసింది. ఉపాధ్యాయుల కొరత వల్ల గ్రామీణ ప్రాంతాల్లో బహుళ తరగతి బోధన అనివార్యమవుతోంది."

27 పదాలు అయిపోయాయి, ఆ గదిలోకి మనం ఇంకా అడుగు పెట్టలేదు. అందరికీ తెలిసిందే అని తనే అంటూ మళ్ళీ చెప్పడం ఎందుకో నాకు అర్థం కాదు. "ఒక టీచరు, మూడు తరగతులు, 26 మంది పిల్లలు" అంటే ఏడు పదాలు. బహుళ తరగతి బోధన అంటే ఏమిటో విడిగా నిర్వచించే అవసరం కూడా తీరిపోతుంది.

ఆ తర్వాత రావలసింది చాలామంది వదిలేసేదే: పిల్లలు జోడీల్లో కూర్చున్నప్పుడు టీచరు ఏం చేస్తున్నారు? జోడీ చదువు ఒకే తరగతి ఉన్న గదిలోనూ జరుగుతుంది. మూడు తరగతుల గదిలో దాని అర్థం వేరు. ఐదో తరగతి మూడో తరగతిని చదివిస్తుంటే, రోజూ ఎటూ కాకుండా మిగిలిపోయే నాలుగో తరగతికి 25 నిమిషాల టీచరు దొరుకుతారు. బహుళ తరగతి గదికి సంబంధించిన అసలు కథ అదే. "ఆ సమయంలో టీచరు నాలుగో తరగతికి పాఠం చెప్పారు" అని రాయకపోతే మీ శీర్షికలోని "బహుళ తరగతి" అలంకారంగా మిగులుతుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వారి కార్డుల పద్ధతిలోనూ, కర్ణాటకలోని నలి-కలిలోనూ పిల్లలు టీచరు సాయంతో, తోటివారి సాయంతో, సొంతంగా పనిచేసే బృందాలుగా విడిపోయి కూర్చుంటారు. వాటిని ఎరిగినవారు మీ సారాంశం చూడగానే, ఇక్కడ జోడీ స్థిరంగా ఉందా, నేర్పేవారు పై తరగతివారా, టీచరు ఎక్కడ ఉన్నారు అని వెతుకుతారు. ఆ మూడింటికీ కలిపి పదిహేను పదాలు మించవు.

ఇప్పుడు కొలత. ఇక్కడే ఎక్కువ సారాంశాలు కుప్పకూలుతాయి, అందుకని కొంచెం ఆగుతాను.

జోడీ చదువులో మామూలుగా జరిగే చేటు ఏమిటంటే, పెద్ద పిల్ల చెప్పించదు, చెప్పేస్తుంది. చిన్నవాడు ఒక పదం దగ్గర తడబడగానే ఆ పదం అందించేస్తుంది, వాడు తిరిగి అంటాడు. నాలుగు రోజుల్లో పాఠం మొత్తం వాడికి నోటికి వచ్చేస్తుంది. దూరం నుంచి చూస్తే గడగడా చదువుతున్నట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్ళి మూడో వరుస మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా?" అని అడగండి. వాడి కళ్ళు వరుస మొదటికి పోతాయి, పెదాలు చప్పుడు లేకుండా కదులుతాయి, అప్పజెప్పుకుంటూ వచ్చి ఆ పదం దగ్గర ఆగుతాడు. చదివేవాడైతే నేరుగా ఆ పదమే చెబుతాడు, లేదా అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. జోడీల్లో చదివించిన పాఠంతోనే చివరి పరీక్ష పెడితే ఈ తేడా ఎక్కడా బయటపడదు. అందుకని సారాంశంలో "వేర్వేరు పాఠ్యాలపై" అన్న రెండు పదాలు వంద పొగడ్తల కన్నా విలువైనవి. "మరో పాఠశాల టీచరు పరీక్షించారు" అన్నది కూడా అంతే. సొంత పిల్లలను సొంత టీచరు పరీక్షిస్తే ఎక్కడో ఒకచోట చేయి సాయం వెళ్తుంది, మనమంతా మనుషులమే కదా.

సాధనం సంగతి. అసర్ సర్వేలో వాడే తీరులో అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఈ మెట్లతో పిల్లల చదువును చూడటం మన టీచర్లకు అలవాటే. మూడో తరగతి పిల్లలకు ఇది చక్కగా సరిపోతుంది. నేర్పే ఐదో తరగతి పిల్లల దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. క్లాసులో బాగా చదివేవారినే ఏరి కూర్చోబెడితే వారు మొదటి రోజే కథ చదివేస్తారు. ఇక పైన మెట్టు లేదు. పన్నెండు వారాల తర్వాత కూడా కథే చదువుతారు. అప్పుడు "నేర్పినవారిలో మార్పు లేదు" అని రాస్తే అబద్ధం, "వారూ లాభపడ్డారు" అని రాస్తే ఇంకో అబద్ధం. కొలబద్ద అక్కడితో అయిపోయిందన్నదే నిజం.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, నేర్పేవారికి వేరే పరీక్ష పెట్టడం, అంటే చదివి అర్థం చేసుకుని ప్రశ్నలకు జవాబు రాయడం లాంటిది. రెండోది నాకు ఇష్టమైనది: ఐదో తరగతిలోనూ పేరా దగ్గరే ఆగిపోయిన పిల్లలను నేర్పేవారిగా పెట్టడం. పేరా చదవగల పిల్ల పదాలు కూడబలుక్కునే పిల్లను చదివించగలదు. ఆమెకు తన తరగతిలో ఎన్నడూ దొరకని అవకాశం దొరుకుతుంది, అందరి ముందూ చిన్నబోకుండా చిన్న తరగతి పుస్తకం మళ్ళీ చదువుకోవచ్చు. మన ఊహాబడి టీచరు నేర్పే 8 మందిలో 5గురిని అలాంటివారినే తీసుకున్నారు, మిగతా ముగ్గురు కథ చదవగలిగేవారు. అందువల్ల నేర్పినవారి గురించి చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఒక అంకె ఉంది.

సారాంశంలో పెట్టడానికి వాక్యం లేదంటే చాలాసార్లు లోపం రాతలో ఉండదు. జూలైలో జోడీలు కట్టేటప్పుడు పెద్ద పిల్లలను పరీక్షించలేదు, అంతే. జనవరిలో సారాంశం రాసేటప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే నేను మా టీచర్లకు జోడీలు కట్టకముందే సారాంశం రాసి, అంకెల చోట గీతలు పెట్టుకోమంటాను. ఏ గీత నింపడానికి ఏ పరీక్ష కావాలో అప్పుడే తెలిసిపోతుంది.

శాతాల గురించి ఒక్క మాట. 8 మందిలో 5గురిని "62.5 శాతం" అని రాస్తే ఒక్క పిల్ల ఫలితం మారినా ఆ శాతం పన్నెండున్నర కదులుతుంది. "8 మందిలో ఐదుగురు" అని రాయండి, చాలు. అలాగే పత్తి తీతలప్పుడో వలసలప్పుడో జోడీలో ఒకరు వస్తే ఇంకొకరు రారు. పుస్తకంలో రాసుకున్న పీరియడ్లు వేరు, ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నవి వేరు. రెండో అంకె కూడా ఇవ్వాలి. తక్కువగా ఉందని దాచేవారిని చూశాను. నా మటుకు నాకు, 48 పీరియడ్లకు 48 జరిగాయని రాసినదాని కన్నా 31 జరిగాయని రాసినదాన్నే నమ్మబుద్ధవుతుంది.

అన్నీ కలిపితే ఇదీ:

"ఐదో తరగతి పిల్లలు మూడో తరగతిని చదివిస్తే: మూడు తరగతుల గదిలో 12 వారాలు

ఒకే గదిలో ఒకే టీచరు మూడు, నాలుగు, ఐదు తరగతుల్లోని 26 మందికి బోధించే ప్రాథమిక పాఠశాలలో ఈ ప్రయత్నం చేశాం. పేరా చదవలేని 8 మంది మూడో తరగతి పిల్లలకు 8 మంది ఐదో తరగతి పిల్లలను జోడీగా కలిపి, 12 వారాల పాటు వారానికి 4 రోజులు, రోజుకు 25 నిమిషాలు తెలుగు చదివించాం. ఆ సమయంలో టీచరు నాలుగో తరగతికి పాఠం చెప్పారు. తడబడితే వెంటనే చెప్పేయకుండా ఆగి, అక్షరం చూపించమని నేర్పే పిల్లలకు ముందుగా వారం పాటు తర్ఫీదు ఇచ్చాం. అనుకున్న 48 పీరియడ్లలో జోడీలు సగటున 31 పీరియడ్లు కలిసి కూర్చున్నాయి. అక్షరం, పదం, పేరా, కథ స్థాయిల సాధనంతో, ముందూ తర్వాతా వేర్వేరు పాఠ్యాలపై మరో పాఠశాల టీచరు పరీక్షించారు. నేర్చుకున్న 8 మందిలో ఐదుగురు పేరా స్థాయికి, ఒకరు పదం స్థాయికి చేరారు. ఎక్కువగా బడికి రాని మిగతా ఇద్దరిలో మార్పు లేదు. నేర్పినవారిలో మొదట పేరా స్థాయిలోనే ఉన్న ఐదుగురిలో నలుగురు కథ స్థాయికి చేరారు. అప్పటికే కథ చదవగల ముగ్గురి మార్పును ఈ సాధనం కొలవలేదు. పోల్చడానికి వేరే బృందం లేదు కనుక ఈ మార్పంతా జోడీ చదువు వల్లేనని చెప్పలేం."

శీర్షిక వదిలేస్తే 130 పదాలు. ఇంకో ఇరవై మిగిలాయి, వాటిని వాడి తీరాలన్న నియమమేమీ లేదు. చివరి వాక్యం చూసి కొందరు భయపడతారు, మనమే మన పనిని తక్కువ చేసుకుంటున్నామని. పన్నెండు వారాల్లో మూడో తరగతి పిల్లలు ఎలాగూ కొంత ఎదుగుతారు. మీరు రాయకపోతే వడపోసేవారు పక్కన పెన్సిలుతో రాస్తారు. మీరే రాస్తే ఆ పెన్సిలు అక్కడ ఆగదు.

మన రాతలో పదాలు తినేసే ఇంకో అలవాటు ఉంది. "పరీక్షించడం జరిగింది", "శిక్షణ ఇవ్వడం జరిగింది", "గమనించడం జరిగింది". ఆఫీసు సర్క్యులర్లు చదివీ చదివీ వంటబట్టిన భాష ఇది. "పరీక్షించాం" అంటే ఒక పదం మిగలడమే కాదు, ఎవరు పరీక్షించారో కూడా తెలుస్తుంది. దీనికి విరుగుడు అనుకుని కొందరు పదాలను అతికించేస్తారు. కంప్యూటరు ఖాళీలను బట్టే లెక్కిస్తుంది కాబట్టి "బహుళతరగతిబోధనాసమస్యలనధిగమించుటకు" అన్నా దానికి ఒకటే పదం. చదివేవారికి మాత్రం ఊపిరాడదు. అన్నట్టు, సారాంశం ఇంగ్లీషులో కూడా అడిగితే పరిమితిని ఆ భాషలో చూసుకోవాలి. "చదవలేని" అన్న ఒక్క పదానికి అక్కడ మూడు నాలుగు పదాలు పడతాయి. తెలుగులో 130 ఉన్నది ఇంగ్లీషులో 150 సులువుగా దాటిపోతుంది.

అప్పుడు ఏం కొట్టేయాలి? 100 పదాలకే కుదించమన్నారనుకుందాం. మన 130లోంచి 30 తీయాలి. నేనైతే ముందు తర్ఫీదు వాక్యం తీస్తాను, 13 పదాలు పోతాయి. మంచి వాక్యమే, కానీ సెమినారులో మాట్లాడేటప్పుడు చెప్పుకోవచ్చు. చివరి వాక్యాన్ని "పోల్చే బృందం లేదు" అని మూడు పదాలకు కుదిస్తే ఎనిమిది మిగులుతాయి. 12 వారాలు, 48 పీరియడ్లు అని ఉన్నాక "వారానికి 4 రోజులు" అక్కర్లేదు, మూడు. మొదటి వాక్యం చివర "పాఠశాలలో ఈ ప్రయత్నం చేశాం" బదులు "పాఠశాల ఇది" అంటే రెండు. కథ చదవగల ముగ్గురి ముక్కను "మిగతా ముగ్గురిది కొలవలేకపోయాం" అంటే ఐదు. మొత్తం 31. నాలుగో తరగతికి టీచరు దొరికిన వాక్యం ఉంది, వేర్వేరు పాఠ్యాలు ఉన్నాయి, 31 పీరియడ్లూ ఉన్నాయి. "నేర్పినవారిలో మొదట పేరా స్థాయిలోనే ఉన్న ఐదుగురిలో నలుగురు కథ స్థాయికి చేరారు" అన్నదాన్ని ముట్టుకోలేదు. దాని ఖరీదు పది పదాలు.